మీటర్లు, కిలోహెర్ట్జులు, ఒక అప్పడం

పాతకాలం రేడియో సెట్టు అద్దం మీద రెండు వరసల అంకెలు కనిపించేవి. ఒక వరసలో మీటర్లు, ఇంకో వరసలో కిలోసైకిళ్లు. ముల్లు ఒకటే, అది రెండు వరసల మీదా ఒకేసారి నిలబడేది. అనౌన్సర్లు కూడా కేంద్రం పేరు చెప్పి, ఇన్ని మీటర్లు, అనగా ఇన్ని కిలోహెర్ట్జులు అని రెండూ కలిపి చెప్పేవారు. విన్నవాళ్లలో చాలామంది ఆ రెండో అంకె ఎందుకని అడగలేదు. ముల్లు సరిగ్గా నిలిచిందా లేదా అన్నదే వాళ్లకి కావలసింది.

విజయవాడ మీడియం వేవ్ కేంద్రాన్ని తీసుకుందాం. అది 837 కిలోహెర్ట్జుల మీద పలుకుతుంది. అంటే ప్రసార స్తంభంలోని విద్యుత్తు సెకనుకి 8 లక్షల 37 వేల సార్లు ఇటూ అటూ ఊగుతోందని అర్థం. ఆ ఊపు ఒక్కొక్కటీ ఒక్కొక్క అలగా బయటికి వెళుతుంది. ఒక అల శిఖరం నుంచి తర్వాతి అల శిఖరం దాకా ఉండే దూరమే తరంగదైర్ఘ్యం. విజయవాడ అల పొడవు 358 మీటర్లు. హైదరాబాద్ 738 కిలోహెర్ట్జులది మరి కాస్త పొడుగు, 406 మీటర్లు. హైదరాబాద్ వివిధ భారతి ఎఫ్‌ఎం 102.8 మెగాహెర్ట్జులది మాత్రం మూడు మీటర్లకి కాస్త తక్కువ.

రైల్వే గేటు దగ్గర ఆగినవాళ్లకి ఈ లెక్క సులువుగా అందుతుంది. ఒక్కో పెట్టె పొడవు తెలిసి, సెకనుకి ఎన్ని పెట్టెలు దాటుతున్నాయో లెక్కపెట్టగలిగితే, ఆ రెంటినీ గుణిస్తే చాలు, బండి వేగం వచ్చేస్తుంది. పొడుగు పెట్టెలైతే తక్కువ దాటతాయి, పొట్టి పెట్టెలైతే ఎక్కువ దాటతాయి. బండి వేగం ఒకటే అయినప్పుడు ఒకటి పెరిగితే రెండోది తగ్గక తప్పదు. అలల విషయంలోనూ అంతే: వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం. విజయవాడ అంకెల్ని గుణించినా, హైదరాబాద్ అంకెల్ని గుణించినా, ఎఫ్‌ఎం అంకెల్ని గుణించినా వచ్చేది ఒకటే, సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లు. కచ్చితంగా చెప్పాలంటే శూన్యంలో 29,97,92,458 మీటర్లు. 1983 నుంచి ఇది కొలిచి తేల్చే అంకె కాదు, నిర్ణయించి పెట్టిన అంకె. మీటరు పొడవునే దీని ఆధారంగా నిర్వచించారు.

మెరుపు వెలుగూ, పొయ్యి సెగా, ఆస్పత్రి ఎక్స్‌రే కూడా ఈ అలలే, ఇదే వేగంతో వెళ్లేవే. వాటి మధ్య తేడా అల పొడవు. పొడవు మారితే ఆ అలను పుట్టించే వస్తువు మారుతుంది, దాన్ని అడ్డే వస్తువు మారుతుంది, దానితో చేయగలిగే పని మారుతుంది. పెద్ద అలల నుంచి చిన్న అలల వైపు వరసగా దిగితే ఆ మార్పు కళ్లకు కడుతుంది.

యాంటెన్నా బాగా పనిచేయాలంటే దాని పొడవు అల పొడవులో కనీసం నాలుగో వంతు ఉంటే మంచిది. ఎఫ్‌ఎం రేడియోకి లాగితే సాగే పుల్ల ఉంటుంది కదా, దాన్ని పూర్తిగా లాగి టేపుతో కొలిస్తే ముక్కాలు మీటరుకి అటూ ఇటూగా తేలేది అందుకే. విజయవాడ మీడియం వేవ్‌కి అదే లెక్క వేస్తే 90 మీటర్లు కావాలి. ప్రసార కేంద్రంలో అంత ఎత్తు స్తంభం నిలబెట్టవచ్చు గానీ వంటింటి అలమరలో పెట్టుకునే సెట్టుకి అది కుదరదు. అందుకని సెట్టు లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీకి సన్నటి రాగితీగ చుట్టి పెడతారు. అది అలలోని అయస్కాంత భాగాన్ని పట్టుకుంటుంది. మీడియం వేవ్ వింటూ సెట్టును మెల్లగా పక్కకి తిప్పితే ఒక దిక్కున మోత తగ్గి, ఇంకో దిక్కున పెరుగుతుంది. కడ్డీ ప్రసార కేంద్రానికి అడ్డంగా ఉన్నప్పుడు ఎక్కువ పట్టుకుంటుంది, దాని కొస కేంద్రం వైపు తిరిగితే దాదాపు ఏమీ పట్టుకోదు. బయటి పుల్లను ఎంత లాగినా మీడియం వేవ్‌కి పెద్దగా ఒరిగేది లేదు.

మీడియం వేవ్ కన్నా పొడుగు అలలతో పనేమిటంటే, సముద్రం ఉంది. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది కనుక అలను త్వరగా మింగేస్తుంది. ఎఫ్‌ఎం అల సముద్రపు నీటిలో రెండున్నర సెంటీమీటర్లు దిగేసరికే దాని బలం మూడో వంతుకి దగ్గరగా పడిపోతుంది. ఇంకో రెండున్నర దిగితే మిగిలినదాంట్లో మళ్లీ మూడో వంతు. నీటి అడుగున ఉన్న జలాంతర్గామికి దానితో కబురు పంపడం కలలోని మాట. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర నౌకాదళానికి ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అనే కేంద్రం ఉంది. అక్కడి నుంచి వెళ్లే 18.2 కిలోహెర్ట్జుల అల పొడవు 16 కిలోమీటర్లు దాటుతుంది. సముద్రంలో అది అదే మేరకు బలహీనపడటానికి దాదాపు రెండు మీటర్లు పడుతుంది. కాబట్టి పది, పదిహేను మీటర్ల లోతులో ఉన్నా అంతో ఇంతో అందుతుంది. అలాంటి రెండో కేంద్రానికే 2024 అక్టోబరులో వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో శంకుస్థాపన జరిగింది. అటవీ భూమి ఇవ్వడం మీద అప్పట్లో నిరసనలూ వచ్చాయి.

ఈ పొడుగు అలకి మూల్యం ఉంది. పదహారు కిలోమీటర్లలో నాలుగో వంతంటే నాలుగు కిలోమీటర్ల స్తంభం. దాన్ని ఎవరూ కట్టలేరు. వందల మీటర్ల స్తంభాలు కొన్ని నిలిపి, వాటి మధ్య తీగల పందిరి వేసి, ఎకరాల కొద్దీ నేలలో తీగలు పాతి, ఎంతో విద్యుత్తు ఖర్చుపెడితే కొంత బయటికి వెళుతుంది. పైగా సెకనుకి 18 వేల ఊపులే కనుక ఆ అల మీద ఎక్కువ సమాచారం ఎక్కదు. మాట పంపడం సాధ్యం కాదు, చిన్న చిన్న సంకేత సందేశాలే పోతాయి. జవాబు ఇవ్వాలంటే జలాంతర్గామి పైకి రావాల్సిందే. అంత పెద్ద యాంటెన్నాని అది మోయలేదు మరి.

ఇక ఒక్క దూకుతో కిలోమీటర్ల నుంచి సెంటీమీటర్లకి వద్దాం. మచిలీపట్నంలో తుపాన్లను చూసే డాప్లర్ రాడార్ ఉంది. దాని అల పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. వాన చినుకు కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి ఆ అల చినుకుల్ని దాటుకుని చాలావరకు ముందుకు పోతుంది, కొద్ది భాగమే వెనక్కి వస్తుంది. ఆ కొద్దిదాన్నే రాడార్ పట్టుకుంటుంది. మూడు సెంటీమీటర్ల అలతో పనిచేసే రాడార్లూ ఉన్నాయి. అవి చిన్నవి, చవక, చిరుజల్లుల్నీ పసిగడతాయి. అయితే కుండపోత వానలో వాటి అల ముందున్న వానలోనే ఖర్చయిపోతుంది. ఆ వెనక ఇంకెంత వాన ఉన్నా తెర మీద ఖాళీగా కనపడుతుంది. తుపాను కన్ను తీరానికి వస్తున్న రాత్రి అలాంటి ఖాళీని నమ్మితే ప్రమాదం. కోస్తాలో పది సెంటీమీటర్లది పెట్టడానికి కారణం ఇదే.

ఆ రాడార్ అలకి పక్కింటి చుట్టం వంటింట్లో ఉంది. మైక్రోవేవ్ ఒవెన్ వెనక అంటించిన రేకు మీద 2450 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది. లోపలి మాగ్నెట్రాన్ అనే గొట్టంలో అయస్కాంతం మధ్య ఎలక్ట్రాన్లు గుండ్రంగా తిరుగుతూ సెకనుకి 245 కోట్ల ఊపులు పుట్టిస్తాయి. వేగాన్ని దానితో భాగిస్తే అల పొడవు 12.2 సెంటీమీటర్లు. నీటి అణువుకి సరిగ్గా ఈ పౌనఃపున్యంలోనే కదలిక వస్తుందని కొందరు చెబుతుంటారు గానీ అది నిజం కాదు. నీరు ఇంతకన్నా చాలా పై పౌనఃపున్యాలను మరింత గట్టిగా పీల్చుకుంటుంది. అలాంటి అల వాడితే కూర పైపొర మాడి, లోపల చల్లగానే ఉండిపోతుంది. 2450లో అల కొన్ని సెంటీమీటర్లు లోపలికి దిగుతుంది. పైగా ఆ పట్టీని కబుర్లకి కాక ఇలాంటి పనులకి అంతర్జాతీయంగా వదిలేశారు.

ఒవెన్ తలుపు అద్దం వెనక చిల్లుల రేకు ఉంటుంది. చిల్లు ఒకటి రెండు మిల్లీమీటర్లే. పన్నెండు సెంటీమీటర్ల అలకి ఆ చిల్లు ఉన్నా లేనట్టే, రేకు మొత్తం గోడలా అడ్డుతుంది. కంటికి కనిపించే వెలుగు అల పొడవు మిల్లీమీటరులో రెండు వేలో వంతు. దానికి అదే చిల్లు కోట గుమ్మం. అందుకే లోపలి గిన్నె కనబడుతుంది, వేడి చేసే అల బయటికి రాదు. చిల్లుల రేకు చిరిగినా, తలుపు సరిగ్గా మూతపడకపోయినా ఆ ఒవెన్ వాడకూడదు.

ఈ ఒవెన్‌తోనే కాంతి వేగాన్ని ఇంట్లో కొలవవచ్చు. కావలసింది నాలుగు పచ్చి మినప అప్పడాలూ, ఒక స్కేలూ. లోపల తిరిగే గాజు పళ్లాన్ని, దాని కింది చక్రాన్ని తీసెయ్యాలి. మధ్యలో తిరిగే మొలకి తగలకుండా ఒక పింగాణీ ప్లేటు బోర్లించి, దాని మీద అప్పడాలను పక్కపక్కన పరచాలి. ఇరవై, ముప్ఫై సెకన్లు నడిపించి, ఎక్కడెక్కడ పొంగుతోందో చూస్తూ, కొన్ని చోట్ల తెల్లగా పొంగి మిగతాది పచ్చిగా ఉండగానే ఆపెయ్యాలి. ఇంకాసేపు ఉంచితే పొంగు పాకిపోయి గుర్తులు చెరిగిపోతాయి.

పొంగు అంతటా సమంగా రాదు. ఇనుప పెట్టె గోడల మధ్య అల ఎదురూ బొదురూ తగిలి, వెళ్లేదీ తిరిగొచ్చేదీ కలిసి ఒకచోట నిలబడిపోతుంది. దీన్ని స్థిర తరంగం అంటారు. కొన్ని చోట్ల ఊపు బాగా ఎక్కువ, కొన్ని చోట్ల సున్నా. ఎక్కువ ఉన్న చోట అప్పడం పొంగుతుంది. పక్కపక్క పొంగుల మధ్య దూరం అల పొడవులో సగం. ఆ దూరం 6.2 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. రెట్టింపు చేస్తే 12.4 సెంటీమీటర్లు. దాన్ని 245 కోట్లతో గుణిస్తే సెకనుకి 30 కోట్ల 38 లక్షల మీటర్లు. అసలు విలువ 29 కోట్ల 98 లక్షలు.

ప్రతిసారీ ఇంత దగ్గరగా రాదు. పెట్టెలో అల ఒక్క దిక్కున కాదు, పొడవునా వెడల్పునా ఎత్తునా మూడు దిక్కులా నిలబడుతుంది. అందువల్ల ఒక దిక్కున కొలిచిన దూరం అసలు సగం కన్నా ఎక్కువే రావచ్చు. పదిలో ఒక వంతు తేడా మామూలే. కొన్ని ఒవెన్లలో తిరిగే పళ్లెం ఉండదు, దానికి బదులు లోపల ఒక రేకు తిరుగుతూ అలను చెదరగొడుతూ ఉంటుంది. వాటిలో ఈ పరీక్ష పనిచేయదు, అప్పడం అక్కడా ఇక్కడా చిందరవందరగా పొంగుతుంది. మామూలు ఒవెన్‌లో పళ్లెం తిరగవలసిన కారణం కూడా దీనితో అర్థమవుతుంది. తిరగకపోతే పిల్లవాడి పాలగిన్నెలో ఒక పక్క మరుగుతుంటే ఇంకో పక్క చల్లగా ఉంటుంది.

హైన్రిక్ హెర్ట్జ్ కూడా చేసింది దాదాపు ఇదే. 1887, 1888 సంవత్సరాల్లో జర్మనీలోని కార్ల్స్‌రూహె పట్టణంలో, ఉపన్యాస మందిరం ఒక కొసన జింకు రేకు నిలిపి, రెండో కొసన నిప్పురవ్వలు రాజేసే యంత్రం పెట్టాడు. మధ్యలో చిన్న ఖాళీ ఉన్న తీగ చుట్టను చేతపట్టుకుని నడుస్తూ, చీకటిలో ఆ ఖాళీలో చిన్న రవ్వ ఎక్కడ మెరుస్తోందో, ఎక్కడ మాయమవుతోందో చూశాడు. కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనని మాక్స్‌వెల్ అంతకు ఇరవై ఏళ్ల ముందే కాగితం మీద లెక్క కట్టాడు. హెర్ట్జ్ దగ్గర లేనిది రేకు మీద రాసిపెట్టిన పౌనఃపున్యం. దాన్ని యంత్రం కొలతల నుంచి లెక్కించుకోవలసి వచ్చింది, ఆ లెక్కలో పొరపాటు దొర్లింది. దాన్ని తర్వాత ఫ్రెంచి గణితవేత్త పాంకారే పట్టుకున్నాడు. పేరు మాత్రం హెర్ట్జ్‌కే దక్కింది. ఇప్పుడు ప్రతి అనౌన్సరూ ఆయన పేరు పలకాల్సిందే.

సెంటీమీటర్ల నుంచి దిగితే పరారుణ కిరణాలు. వీటి అల మిల్లీమీటరు దగ్గర మొదలై దానిలో వెయ్యో వంతుకన్నా కిందికి దిగుతుంది. ఇక్కడినుంచి అల పొడవును మీటరులో వంద కోట్లో వంతైన నానోమీటర్లలో చెప్పడం అలవాటు. ఇంత చిన్న అలను తీగలో విద్యుత్తును ఊపి పుట్టించడం కష్టం. ఆ పని వేడెక్కిన వస్తువుల్లో కదిలే అణువులూ, పరమాణువుల్లోని ఎలక్ట్రాన్లూ చేస్తాయి. టీవీ రిమోట్ ముందున్న చిన్న బల్బు 940 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది, అంటే సెకనుకి 319 లక్షల కోట్ల ఊపులు. రిమోట్ పాడైందో, టీవీ పాడైందో తెలియకపోతే ఫోను కెమెరా ముందు పెట్టి మీట నొక్కాలి. కంటికి కనపడనిది తెర మీద ఊదారంగు చుక్కగా మెరిస్తే రిమోట్ బాగున్నట్టే. కొన్ని ఫోన్ల వెనక కెమెరాకి పరారుణాన్ని ఆపే పొర గట్టిగా ఉంటుంది, అప్పుడు ముందు కెమెరాతో చూడాలి.

కంటికి కనిపించేది ఎరుపు 700 నానోమీటర్ల నుంచి ఊదా 400 దాకానే. ఆ ఇరుకు సందు దాటితే అతినీలలోహితం. నీళ్ల ఫిల్టరులో యూవీ దీపం అంటారే, అందులో పాదరసపు ఆవిరి 254 నానోమీటర్ల కిరణాన్ని ఇస్తుంది. అది సూక్ష్మక్రిముల జన్యుపదార్థాన్ని చెడగొట్టి, అవి సంతానం పెంచుకోకుండా చేస్తుంది. మామూలు గాజు ఈ కిరణాన్ని ఆపేస్తుంది కాబట్టి దీపం చుట్టూ క్వార్ట్జ్ గొట్టం వేస్తారు. ఆ గొట్టానికి మట్టి పేరుకుంటే దీపం వెలుగుతూనే ఉంటుంది, శుద్ధి మాత్రం జరగదు. నీలంగా కనబడేది వేరే అల, పనిచేసేది వేరే అల. చూసి నమ్మడానికి లేదు.

ఇంకా దిగితే ఎక్స్‌రే. 1895లో రాంట్‌జన్ కనిపెట్టిన రోజు నుంచి వీటిని పుట్టించే పద్ధతి పెద్దగా మారలేదు. ఎక్కువ వోల్టేజితో ఎలక్ట్రాన్లను తరిమి లోహపు దిమ్మె మీద కొట్టిస్తారు. లక్ష వోల్టులు పెడితే వచ్చే అతి చిన్న అల నానోమీటరులో ఎనభయ్యో వంతు, పరమాణువు కన్నా చిన్నది. స్విచ్ ఆపితే కిరణమూ ఆగుతుంది.

గామా కిరణాలకి ఆ సౌకర్యం లేదు. అవి పరమాణు కేంద్రకం నుంచి వస్తాయి. క్యాన్సర్ చికిత్సకి వాడిన కోబాల్ట్-60 కిరణాలు ఇంకా పది రెట్లు చిన్నవి, వాటికి మీట ఉండదు. సీసపు పెట్టెలో మూసిపెట్టడమే మార్గం. 2010లో ఢిల్లీ మాయాపురి పాత సామాను బజారుకి కోబాల్ట్-60 ఉన్న పాత పరికరం చేరితే, అది విప్పినవాళ్లకి ఒళ్లు కాలింది, ఒకరు చనిపోయారు.

పుస్తకాల పటంలో ఎక్స్‌రేకీ గామాకీ మధ్య గీత గీసి ఉంటుంది. నిజానికి అక్కడ గీత లేదు. ఎముకల స్కాన్‌కి ఎక్కించే టెక్నీషియం మందు వదిలే గామా కిరణం శక్తి ఎంతో, లక్షా 40 వేల వోల్టుల మీద నడిచే సీటీ యంత్రపు ఎక్స్‌రే గరిష్ఠ శక్తీ అంతే. అల పొడవు ఒకటే, పౌనఃపున్యం ఒకటే. కేంద్రకం నుంచి వస్తే గామా, గొట్టంలో ఎలక్ట్రాన్ల నుంచి వస్తే ఎక్స్‌రే. అంటే పేరు పెట్టింది పుట్టిల్లు చూసి.

అన్నిటికీ వేగం ఒకటేనన్న మాటకి శూన్యంలో అన్న షరతు ఉంది. ఇంటికి ఇంటర్‌నెట్ తెచ్చే గాజు తీగలో కాంతి సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లే వెళుతుంది. అప్పుడు మారేది పౌనఃపున్యం కాదు, ఊపు పుట్టినచోట ఎంతో గాజులోనూ అంతే. తగ్గేది అల పొడవు. బయట 1550 నానోమీటర్లున్నది లోపల 1050 చిల్లర అవుతుంది.

ఆకాశమూ పూర్తిగా ఖాళీ కాదు. 1054లో చైనావాళ్లు పట్టపగలు చూసిన నక్షత్రపు పేలుడు శేషం వృషభ రాశిలో ఇప్పటికీ ఉంది. దాని నడుమనున్న క్రాబ్ పల్సార్ సెకనుకి 30 సార్లు తిరుగుతూ, రేడియో నుంచి గామా దాకా అన్ని అలల్లోనూ దాదాపు ఒకేసారి మెరుస్తుంది. ఆ మెరుపు భూమికి రావడానికి 6,500 ఏళ్లు పడుతుంది. ఎక్స్‌రే, గామా, కనిపించే వెలుగు కలిసే వస్తాయి. 1400 మెగాహెర్ట్జుల రేడియో అల సెకనులో ఎనిమిదో వంతు వెనకబడుతుంది. పుణె దగ్గర ఖోదాద్ పల్లెలో ముప్ఫై గొడుగుల జీఎంఆర్‌టీ టెలిస్కోపు వినగలిగే 150 మెగాహెర్ట్జుల అల పది సెకన్లు ఆలస్యంగా దిగుతుంది, అంటే మూడు వందల మెరుపుల వెనక. అన్ని మెరుపులూ ఒకేలా ఉంటే ఏది దేనికి జతో తేల్చడం కష్టం. అదృష్టవశాత్తూ ఈ పల్సార్ అప్పుడప్పుడూ ఒక భారీ మెరుపు విసురుతుంది, దాన్ని గుర్తుపెట్టుకుని పౌనఃపున్యం తర్వాత పౌనఃపున్యంలో వెతుకుతారు. పౌనఃపున్యం సగమైతే ఆలస్యం నాలుగింతలు. ఆ లెక్కను వెనక్కి నడిపి, దారిలో రేడియో అలను తొట్రుపడేలా చేసిన ఎలక్ట్రాన్లు ఎన్నో శాస్త్రజ్ఞులు తేల్చారు. సగటున ముప్పై, నలభై ఘన సెంటీమీటర్లకి ఒకటి.